క్యూఏ హెడ్ తర్వాత ఎవరు? సక్సెషన్ ప్లాన్‌లో ఒక్క పేజీ రాసి చూద్దాం

“సార్, మాది బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ. నాణ్యత చూసే మా క్యూఏ హెడ్ గారికి రిటైర్మెంట్ ఇంకా 14 నెలలు ఉంది. సక్సెషన్ ప్లాన్ రాసివ్వమని ఎండీ గారు అడిగారు. ‘రెడీ నౌ’ కింద ఎవరి పేరు రాయాలి? ఆ మనిషికి చెప్పాలా, వద్దా?”

నమస్కారం. ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. ఆ గడి ఇప్పటికి ఖాళీగా వదిలేయండి. బాధ్యత పెంచుతున్నామని మనిషికి తప్పకుండా చెప్పండి, కుర్చీ మాత్రం ఇస్తామని చెప్పకండి.

ఏ కుర్చీలకు ప్లాన్ రాయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. మేనేజర్ పైన ఉన్న ప్రతి పోస్టుకీ రాసేస్తారు. 40 పేజీలవుతుంది, ఎవరూ చదవరు. నేను ఒకటే అడుగుతాను: రేపటి నుంచి 30 రోజులు ఆ కుర్చీలో ఎవరూ లేకపోతే ఫ్యాక్టరీలో ఏది ఆగుతుంది? క్యూఏ హెడ్ విషయంలో జవాబు వెంటనే వస్తుంది. క్యూఏ నుంచి అధికారం ఉన్న మనిషి సంతకం పడకపోతే బ్యాచ్ గేటు దాటదు. ఇదే ప్రశ్న బాయిలర్ దగ్గర వేసి చూడండి. చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతుల్లో తప్ప బాయిలర్ నడపకూడదు. మీ దగ్గర అలాంటివాళ్లు ఇద్దరే ఉండి, ఒకరు మానేస్తే, షిఫ్టులు నడవడమే కష్టం, స్టీమ్ లేక రియాక్టర్లు ఆగుతాయి. జీతం చూస్తే చిన్న పోస్టే, కానీ కీలకమైనదే. పెద్ద క్యాబిన్ ఉన్న కొన్ని పోస్టులు ఈ ప్రశ్నకు నిలబడవు. మీ సైజు ఫ్యాక్టరీకి ఏడెనిమిది కుర్చీలు దాటవు.

సరే, క్యూఏ హెడ్ పేజీ తెరుద్దాం. పేర్లకంటే ముందు అందులో ఒక తేదీ రాయాలి. బయటి నుంచి మనిషిని తెచ్చుకోవాలంటే వెతకడానికి, ఇంటర్వ్యూలకు రెండు నెలలు వేసుకోండి. వచ్చే మనిషికి తన కంపెనీలో నోటీసు పీరియడ్ మూడు నెలలు ఉంటుంది. వచ్చాక మీ ప్రొడక్టులు, మీ ఎస్‌ఓపీలు, మీ పాత ఆడిట్ల చరిత్ర పట్టుబడటానికి, పాత హెడ్ పక్కన ఉండగానే, ఇంకో మూడు నెలలు కావాలి. మొత్తం ఎనిమిది. మీకున్నవి 14. అంటే లోపలివాళ్లలో ఒకరు సరిపోతారా, బయట వెతకాలా అన్నది ఇవాళ్టి నుంచి ఆరు నెలల్లో తేలిపోవాలి. ఆ రోజును తేదీతో సహా పేజీ పైన రాయండి. నేను చూసిన ప్లాన్లలో ఎక్కువ వాటికి ఈ తేదీ ఉండదు. అందుకే రిటైర్మెంట్ ఇంకా రెండు నెలలుందనగా టెన్షన్ మొదలై, పాతాయన్నే కన్సల్టెంట్‌గా ఇంకో ఏడాది ఉండమని అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు రెడీనెస్. మామూలుగా మూడు గళ్లు ఉంటాయి: రెడీ నౌ, ఒకటి రెండేళ్లలో రెడీ, మూడు నుంచి ఐదేళ్లలో రెడీ. గళ్లతో ఇబ్బంది లేదు. వాటిలో పేర్లు ఎలా పడుతున్నాయన్నదే ఇబ్బంది. “మంచి కుర్రాడు, చురుకైనవాడు, కమిట్‌మెంట్ ఉంది” అంటూ మీటింగులో నాలుగు మాటలు అనుకుని రెడీ నౌ అని రాసేస్తారు. ఆ మాటలు ఏ పోస్టుకైనా అతుకుతాయి. నేను రాసే పద్ధతి వేరు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏడాదిలో ఒంటరిగా తేల్చాల్సిన గట్టి పనులు నాలుగు రాస్తాను. ఎదురుగా, ఈ అభ్యర్థి అది ఎప్పుడు చేశారు, ఎవరు చూశారు అని రాస్తాను.

క్యూఏ హెడ్‌కి నేను రాసే నాలుగు ఇవి. స్పెసిఫికేషన్‌లో ఫెయిలైన ఫలితం మీద ఇన్వెస్టిగేషన్ నడిపి మూలకారణం తేల్చడం. కస్టమర్ ఫిర్యాదు వస్తే సరుకు వెనక్కి పిలవాలా వద్దా అని నిర్ణయించడం. ఇన్‌స్పెక్షన్‌లో ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని జవాబులు చెప్పడం. ఇక నాలుగోది, నెలాఖరున డిస్పాచ్ కోసం ఒత్తిడి చేస్తున్నప్పుడు బ్యాచ్ ఆపడం.

మీ దగ్గర ఇద్దరు అభ్యర్థులు ఉన్నారనుకుందాం. ఒకావిడ డాక్యుమెంటేషన్ చూసే డిప్యూటీ మేనేజర్, అక్కడే 11 ఏళ్లుగా ఉన్నారు. ఇంకొకాయన ల్యాబ్ నుంచి వచ్చిన సీనియర్ మేనేజర్. అందరి నోటా ఆవిడ పేరే వస్తుంది. ఏ బ్యాచ్ రికార్డు అడిగినా ఐదు నిమిషాల్లో టేబుల్ మీద పెడతారు. కానీ నాలుగో పని దగ్గరికి వచ్చేసరికి గడి ఖాళీ. 30వ తారీఖు సాయంత్రం ఏడు గంటలకు ప్రొడక్షన్ హెడ్ వచ్చి ఎదురుగా నిలబడతారు. ట్రక్కు లోపలికి వచ్చి ఉంటుంది. ల్యాబ్ పరీక్ష క్రొమటోగ్రామ్‌లో ఎప్పుడూ లేని చిన్న పీక్ ఒకటి కనిపిస్తోంది. “లిమిట్ లోపలే ఉంది కదమ్మా, పంపిద్దాం” అంటారాయన. ఆవిడ ఇప్పటిదాకా అలాంటి ప్రతిసారీ “హెడ్ గారిని అడిగి చెబుతాను సార్” అన్నారు. అది తప్పు కాదు, ఇప్పటి హోదాలో అదే సరైన పని. అయితే ఆ కుర్చీలో కూర్చున్నాక అడగడానికి పైన ఎవరూ ఉండరు. అందుకని ఆవిడ ఇవాళ రెడీ నౌ కాదు. ల్యాబ్ నుంచి వచ్చినాయన రెండు బ్యాచ్‌లు ఆపారు, దానికి రికార్డు ఉంది. కానీ ఆయన ఇన్‌స్పెక్షన్ గదిలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆయనా కాదు. ఇద్దరూ ఏడాదిలో రెడీ అవగలరు, కారణాలు మాత్రం వేరువేరు. ఆ కారణం గడిలో రాయండి, సగం ప్లాన్ అక్కడే పూర్తవుతుంది.

ఇక్కడ ఒక సంగతి కలిసిపోకుండా చూడాలి. హెడ్ గారు పది రోజులు సెలవు పెడితే సంతకం పెట్టే మనిషి వేరు, ఆ కుర్చీకి వారసులు వేరు. మొదటిది అత్యవసర ఏర్పాటు. దానికి ఇవాళే ఒక పేరు ఉండాలి, ఆ అధికారం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. రెండిటికీ ఒకే గడి పెడితే, సెలవుల్లో సంతకం పెట్టే మనిషి తనే కాబోయే హెడ్ అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

డెవలప్‌మెంట్ యాక్షన్ దగ్గర “లీడర్‌షిప్ ట్రైనింగ్, రెండు రోజులు” అని రాసి ఉంటే నేను కొట్టేస్తాను. ఇన్‌స్పెక్టర్‌కి జవాబు చెప్పడం హోటల్ హాల్లో నేర్పలేం. ల్యాబ్ నుంచి వచ్చినాయన కోసం రాయాల్సింది ఇది: వచ్చే నెలలో మాక్ ఇన్‌స్పెక్షన్ పెట్టాలి, బయటి ఆడిటర్‌ని పిలవాలి, ఆ ఆడిటర్ ఎదురుగా ఆయనే కూర్చోవాలి, హెడ్ గారు ఆ గదిలో ఉండకూడదు. తర్వాత ఆ ఆడిటర్ రాసిన లోపాలకు జవాబు ఆయనే తయారు చేయాలి, అదీ 15 పనిదినాల్లో. ఎందుకు 15 అంటే, అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు లోపాలు రాసి ఫారం 483 ఇచ్చాక కంపెనీలు జవాబు పంపేది ఆ గడువులోనే. ఒత్తిడి ఎలా ఉంటుందో ముందే తెలియాలి.

ఆవిడ కోసం ఇంకో రకంగా రాయాలి. మూడు నెలల పాటు ఒక ప్రొడక్షన్ బ్లాక్‌లో బ్యాచ్ రిలీజ్ పూర్తిగా ఆవిడదే. హెడ్ గారు ఫైలు తర్వాత చూస్తారు, ముందు చూడరు. మధ్యలో హెడ్ గారు 15 రోజులు నిజంగా సెలవు మీద వెళ్లాలి, ఫోన్ ఎత్తకూడదు. ప్రొడక్షన్ హెడ్‌కి ఎండీ గారే చెప్పాలి, ఆవిడ ఆపితే నా దగ్గరికి రావద్దని. ఈ ఆఖరి మాట లేకపోతే ఏర్పాటంతా వృథా. ఆవిడ ఆపిన బ్యాచ్‌ని పైనుంచి ఒక్కసారి వదిలిపెట్టారంటే, ఆవిడ మళ్లీ ఆపరు.

ప్లాన్ బతికి ఉందా లేదా అన్నది గత ఏడాది షీటు పక్కన పెడితే తెలిసిపోతుంది. అదే పేరు మూడేళ్లుగా “ఒకటి రెండేళ్లలో రెడీ” గడిలోనే ఉందంటే ఆ మనిషికి ఎవరూ ఏ పనీ అప్పగించలేదన్నమాట. ఒకే పేరు మూడు కుర్చీల ఎదురుగా కనిపిస్తున్నా జాగ్రత్తపడండి. ఆ మనిషి ఒక కుర్చీలో కూర్చున్న రోజే మిగతా రెండు పేజీలు ఖాళీ అవుతాయి.

ఇక గోప్యత. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, ఆ షీటు ప్రింట్ తీసి ట్రేలో మరిచిపోయాను. పదిహేను నిమిషాలే. కానీ ఆ పదిహేను నిమిషాల్లో ఒక ఇంజనీర్ తన పేరు పక్కన “మూడు నుంచి ఐదేళ్లు” అని చదివాడు. నన్ను ఏమీ అడగలేదు. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చాడు. నిజానికి ఆ గడి అతని గురించి చెడుగా ఏమీ చెప్పలేదు. వయసు 29, ఆ కుర్చీకి అతనే పదేళ్ల ఆశ. ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. కాగితం ఒక్కటే అంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మొత్తం షీటు ఎండీ, హెచ్‌ఆర్ హెడ్ ఇద్దరి దగ్గరే. ప్రతి డిపార్ట్‌మెంట్ హెడ్‌కి తన కింది మనుషుల వరుసలు మాత్రం, అదీ గదిలో స్క్రీన్ మీద చూపిస్తాం. మెయిల్‌లో వెళ్లదు, ప్రింట్ ఉండదు. మీటింగ్ మినిట్స్‌లో పేర్లు రావు, “క్యూఏ పేజీ సమీక్షించాం” అని మాత్రమే ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది, షీటులో ఏం రాయకూడదన్నది. “ఆరోగ్యం అంతంతమాత్రం”, “పెళ్లి కావాల్సి ఉంది, వెళ్లిపోవచ్చు” లాంటివి చాలా షీట్లలో చూశాను. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే చదవలేని వాక్యం ఏదీ అందులో ఉండకూడదు.

మీది లిస్టెడ్ కంపెనీ అయితే ఎండీ, సీఎఫ్ఓ కుర్చీల లెక్క వేరు. సెబీ నిబంధనల ప్రకారం ఆ ఖాళీని మామూలుగా మూడు నెలల్లో నింపాలి. అలాంటి మార్పు వార్త ముందే తెలిసినవాళ్లు షేర్లలో లావాదేవీ చేస్తే ఇన్‌సైడర్ ట్రేడింగ్ కిందికి రావచ్చు. కాబట్టి ఆ రెండు పేజీలూ కంపెనీ సెక్రటరీతో మాట్లాడి విడిగా పెట్టండి.

మరి మీ ఇద్దరు అభ్యర్థులతో ఏం చెప్పాలి? పని దాచలేం, దాచకూడదు. మాక్ ఇన్‌స్పెక్షన్‌లో ఎందుకు కూర్చోబెట్టారో ఆయనకు అర్థం కాదనుకోవద్దు. ఎండీ గారు ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఇలా చెప్పాలి: “మీకు పెద్ద బాధ్యతలు అప్పగించే ఆలోచన ఉంది. ఈ ఆరు నెలలు ఈ పని మీ చేతిలో పెడుతున్నాం. ఫలానా విషయంలో మిమ్మల్ని ఇంకా చూడాల్సి ఉంది. ఏ పోస్టుకీ ఇప్పుడు మాట ఇవ్వడం లేదు, మీలాగే ఇంకొకరినీ చూస్తున్నాం.” ఆఖరి వాక్యం చెప్పడానికి చాలామంది జంకుతారు. చెప్పకపోతే ఆరో నెలలో ఎంపిక కాని మనిషికి అది మోసంలా ఉంటుంది.

ఆరో నెల వచ్చింది, ఒకరిని అనుకున్నారు. సర్క్యులర్ నోటీసు బోర్డు మీదికి వెళ్లే ముందు, అదే రోజు ఉదయం, ఎంపిక కాని మనిషిని ఎండీ గారే తన గదికి పిలవాలి. ఆ నాలుగు పనుల కాగితం టేబుల్ మీద ఉండాలి. ఏ గడి దగ్గర తేడా వచ్చిందో చూపించాలి. వాళ్లు మాట్లాడటం అయ్యేదాకా ఆయన కుర్చీలోంచి లేవకూడదు.