ఫొటోలోని ప్యాటర్న్ షీటు నుంచి కటింగ్ పట్టిక దాకా

అందరికీ నమస్కారం. కావలి, కందుకూరు, సింగరాయకొండ వైపు నుంచి వచ్చిన కుట్టుపనివాళ్లకు ఈ పూట చెప్పేది ఒకే పని గురించి. ప్యాటర్న్ షీటు ఫొటో ఫోన్‌కి వస్తుంది. కత్తెర పట్టకముందే అందులో ఏ ముక్కలున్నాయి, ఒక్కోటి ఎన్ని కత్తిరించాలి, పోగు ఎటు, నాచ్‌లు ఎక్కడ అన్నది కాగితం మీద పెట్టాలి. ఉదాహరణకు ప్రిన్సెస్ కట్ జాకెట్టు తీసుకుందాం. ముందు వైపు హుక్కులు, ఒంటికి లైనింగ్.

ముందుగా ఒక హద్దు చెప్పాలి. ఫొటో నుంచి పట్టిక రాయొచ్చు గానీ కొలతలు తీయకూడదు. ఫోను కొంచెం వాలినా షీటులో దూరంగా ఉన్న వైపు చిన్నదైపోతుంది. షీటు మీద కొలత సరిచూసుకోవడానికి అచ్చువేసిన చతురస్రం ఉంటే దాని నాలుగు భుజాలూ చూడండి. అవి సమానంగా లేకపోతే ఫొటో వాలిందన్నమాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సన్న గీతలు చెరిగిపోతాయి కాబట్టి డాక్యుమెంటుగా పంపమనండి. షీటుకు రెండో వైపు కూడా ఫొటో అడగండి, ముక్కలు అక్కడ కూడా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క. మన జాకెట్టుకు ఆరు ముక్కలు: ముందు మధ్య, ముందు పక్క, వెనుక, చేయి, హుక్కు పట్టీ, కాజా పట్టీ. ముందు మధ్య 2, ముందు పక్క 2, వెనుక మడత మీద 1, చేతులు 2, పట్టీలు ఒక్కోటి. పై గుడ్డలో మొత్తం 9. లైనింగ్‌లో ముందు మధ్య 2, పక్క 2, వెనుక 1, అంటే 5. పై గుడ్డకూ లైనింగ్‌కూ వేరే గడులు పెట్టండి. ఒకే గడిలో 'నాలుగు' అని రాస్తే ఏ గుడ్డలో ఎన్నో తెలియదు. రెండు అన్నచోట 'ఎదురెదురు జత' అని కూడా రాయాలి. గుడ్డ ఒంటి పొర మీద రెండు ముక్కలూ ఒకే ముఖంగా కత్తిరిస్తే రెండూ ఒకే వైపువే అవుతాయి.

మడత గుర్తు దగ్గర జాగ్రత్త కావాలి. పోగు బాణం ముక్క నడుమ నిటారుగా ఉంటుంది. మడత బాణం రెండు కొసలూ వంగి ముక్క అంచును తాకుతాయి. వెనుక ముక్కకు ఆ వంపు ఫొటోలో కనపడక 'రెండు' అని రాస్తే నడుమ కుట్టు వచ్చిపడుతుంది. ఆ అంచుకు కుట్టు వదలు ఉండదు. రెండు వైపులా అరంగుళం చొప్పున లోపలికి పోతే వీపు అంగుళం బిగుస్తుంది.

పోగును 'ఫొటోలో పైకి' అని ఎప్పుడూ రాయొద్దు. కాగితం ఆదా చేయడానికి ముక్కలను ఏటవాలుగా, తలకిందులుగా అచ్చువేస్తారు. ముక్కనే ఆధారం చేసుకుని రాయండి: 'ముందు మధ్య: పోగు హుక్కు అంచుకు సమాంతరం', 'చేయి: పై మధ్య చుక్క నుంచి కింది అంచుకు నిటారుగా'. ఇక్కడే మన చీర జాకెట్టుకు ఒక మార్పు ఉంది. వెంకటగిరి చీర జాకెట్టు ముక్కలో బోర్డరు పడుగు వెంట నడుస్తుంది. ఆ బోర్డరు చేతి కింది అంచుకు రావాలంటే చేయి బాణం పేక వెంట పడాలి. షీటు చెప్పింది ఒక గడిలో, మనం మార్చింది పక్క గడిలో రాసి పెడితే కత్తిరించేవాళ్లు తికమకపడరు.

ఇక నాచ్‌లు. ఇవి కుట్టేటప్పుడు ముక్కలు కలవడానికే కాదు, పట్టికను సరిచూసుకోవడానికి కూడా మనకున్న గట్టి ఆధారం. ప్రతి నాచ్‌కూ మరో అంచు మీద జోడీ ఉండాలి. మన షీటులో ముందు మధ్యకు ప్రిన్సెస్ కుట్టు మీద రెండు నాచ్‌లు, ఛాతీకి పైన ఒకటి, కింద ఒకటి. ముందు పక్కకూ అవే రెండు ఉన్నాయి, జత కుదిరింది. ముందు పక్కకు నడుము పక్కన ఒకటి, వెనుక ముక్కకూ అక్కడే ఒకటి. చంకలో ముందు పక్కకు ఒంటి నాచ్, వెనుకకు జంట నాచ్. చేతికీ ముందు వైపు ఒంటి, వెనుక వైపు జంట. చేతి పై చుక్క మాత్రం భుజం కుట్టుకు కలుస్తుంది, దానికి వేరే నాచ్ వెతకొద్దు. పట్టీలకు అసలు ఉండకపోవచ్చు.

ఎక్కువగా తప్పేది జంట నాచ్ దగ్గరే. షీటు మడత దాని మీదుగా పోతే ఒకటి కనపడక ఒంటిగా రాసేస్తాం. అప్పుడు చేతికి రెండు వైపులా ఒంటివే అయి, కుడి చేయి ఎడమకు పడుతుంది. జోడీలు చూసుకుంటే ఇది వెంటనే దొరుకుతుంది: వెనుక ముక్క జంట నాచ్‌కు చేతి మీద జోడీ లేదు. అలా మిగిలితే చేతి వంపు చూడండి, ఎక్కువ లోపలికి తవ్వినట్టున్నది ముందు వైపు. ఇంకో వైపు జంట ఉండాల్సిన చోటును దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా మళ్లీ ఫొటో తీయించండి. ఏ ముక్క మీదా జోడీ దొరకని నాచ్ ఇంకా మిగిలితే, పట్టికలో ఒక ముక్కే రాయడం మరిచి ఉంటాం. షీటు రెండో వైపు చూడండి.