ఎ.ఎల్.ఎస్.లో బరువు పట్టిక, ట్యూబ్ నిర్ణయం, శక్తినిచ్చే భోజనం

నమస్కారం. కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే ఎ.ఎల్.ఎస్. జబ్బు ఉన్నవారి ఆహారం గురించి సలహా అడిగినప్పుడు, జబ్బు మొదలవకముందు ఆయన బరువెంత అని నేను ముందు అడుగుతాను. తగ్గుదల శాతాన్ని ఆ బరువు నుంచే లెక్కగట్టాలి.

కండ కరిగితే బరువు తగ్గడం సహజమే కదా అని ఇంట్లోవారు ఊరుకుంటారు. నిజానికి మింగడం కష్టమై, చేతులు అలసి, తినేది తగ్గిపోతుంది. చాలామందిలో విశ్రాంతిలో కూడా శరీరం మామూలుకన్నా ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. ఈ లోటును మనం పూడ్చగలం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకాయన పాత బరువు 64 కిలోలు. మార్చిలో 62.5, మేలో 60.8. అంటే 3.2 కిలోలు, సరిగ్గా 5 శాతం తగ్గారు. ఇంట్లోవారు గమనించినది మాత్రం మధ్యాహ్న భోజనానికి ముప్పావుగంట పడుతోందని, మంచినీళ్లు తాగితే దగ్గు వస్తోందని. ఫీడింగ్ ట్యూబ్ గురించి డాక్టరుతో మాట మొదలుపెట్టవలసినది ఇక్కడే. బరువు 57.6కి, అంటే 10 శాతానికి చేరాక ఇక నిర్ణయాన్ని వాయిదా వేయకూడదు.

దీనికి ఊపిరి కూడా కారణం. ఎండోస్కోపీతో కడుపుకు ట్యూబ్ అమర్చేటప్పుడు మత్తు ఇచ్చి పడుకోబెడతారు, స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షలో ఎఫ్.వి.సి., అంటే నిండుగా పీల్చి బలంగా వదలగలిగే గాలి, ఉండవలసినదానిలో 50 శాతం కంటే తగ్గితే ప్రమాదం పెరుగుతుంది. పొలమారడం బాగా ఎక్కువయ్యాక చూద్దామనుకునేవారికి తరచూ ఆ సమయం దాటిపోతుంది. అప్పుడు శ్వాస సహాయంతోనో, ఎక్స్‌రే సాయంతో అమర్చే పద్ధతిలోనో చేయవలసి వస్తుంది. ట్యూబ్ ఉన్నంత మాత్రాన నోటితో తినడం ఆపనక్కరలేదు; సురక్షితంగా మింగగలిగినంత రుచి చూడవచ్చు.

ఇక భోజనం. కిలోకు సుమారు 30 కేలరీల చొప్పున ఆయనకు రోజుకు దాదాపు 1800 కావాలి; తింటున్నది 1300 అనుకుందాం. ఆ 500 కోసం ముద్ద పెద్దది చేయకూడదు, అదే ముద్దలో శక్తి పెంచాలి. మెత్తగా మెదిపిన ముద్దపప్పు అన్నంలో రెండు పూటలా పెద్ద చెంచా నెయ్యి వేస్తే దాదాపు 240, చిక్కటి రాగి జావలో మూడు పెద్ద చెంచాల పాలపొడి కలిపితే 120, మీగడ పెరుగులో అరటిపండు, బెల్లం మెదిపితే 150 వస్తాయి. చారన్నం మాత్రం వద్దు. పలుచని చారూ విడివిడి మెతుకులూ ఒకేసారి నోట్లోకి వస్తే పొలమారుతుంది. షుగరు ఉన్నవారు బెల్లం, అరటిపండు సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

బరువును ఒకే యంత్రం మీద, ఉదయం మూత్రవిసర్జన తరువాత, టిఫిన్‌కు ముందు, రెండు వారాలకోసారి చూడండి. నిలబడలేకపోతే కుర్చీ తూకం ఉన్న చోట చూపించండి. బరువు హఠాత్తుగా పెరిగిందని సంతోషించేముందు చీలమండ పైన బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట నిలిచిపోతే అది నీరు. ఆ అంకెను పెరుగుదలగా రాసుకోకుండా డాక్టరుకు చూపించండి.