వాన రాని ఏడాది మిల్లు బడ్జెట్: హై-లో పద్ధతిలో ఒక లెక్క

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది మిల్లుల్లో, మండీల్లో లెక్కలు రాసేవాళ్లు, మిగతా సగం బి.కాం. పిల్లలు. అందుకే ఎక్కడిదో ఫ్యాక్టరీ లెక్క కాకుండా మన అనంతపురంలో అందరూ చూసినదే తీసుకుంటాను. కూలికి శెనక్కాయలు ఒలిచి ఇచ్చే మిల్లు. కాయలు మనవి కావు, గింజలూ మనవి కావు. ఒలిచినందుకు క్వింటాలుకు ఇంత అని కూలి వస్తుంది. అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవే.

ఆ మిల్లులో ఒక నెలకు బడ్జెట్ వేశారు. 2,400 క్వింటాళ్లు ఆడతాయి, ఖర్చు 2,64,200 రూపాయలు అవుతుంది అని. ఆ ఏడు వాన రాలేదు, కాయ రాలేదు. ఆడింది 1,600 క్వింటాళ్లే. నెలాఖరుకు లెక్క చూస్తే ఖర్చు 2,24,600. ఓనరు గుమాస్తాను పిలిచి, "చూస్తివా, ముప్పైతొమ్మిది వేల ఆరునూర్లు తక్కువ ఖర్చు పెట్టినాం" అన్నాడు.

పని మూడో వంతు తగ్గింది కదా, మరి ఖర్చు ఎంత తగ్గాలి? అది తెలిస్తే గానీ ఆ మాట నిజమో కాదో చెప్పలేం. అలాగని అన్నిటినీ మూడో వంతు కోసేస్తే బడ్జెట్ 1,76,133కి దిగుతుంది. అప్పుడు అదే గుమాస్తా 48 వేలు తగలేసినట్టు కనిపిస్తాడు. అదీ తప్పే. మిషన్ ఆడినా ఆగినా షెడ్డు అద్దె అద్దెగానే ఉంటుంది.

కాబట్టి ఒక్కో ఖర్చు పనితో పాటు ఎలా నడుస్తుందో విడిగా చూడాలి. హమాలీ తేలిక: క్వింటాలుకు 45 రూపాయలు, కాయ వస్తేనే కూలి. పుస్తకాల్లో చర వ్యయం అనేది ఇదే. అద్దె, గుమాస్తా జీతం, ఆపరేటరు జీతం, ఇన్సూరెన్సు కలిపి 75,000, ఇది స్థిర వ్యయం. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. చిక్కల్లా కరెంటు బిల్లుతోనే. అందులో లోడును బట్టి ఫిక్సుడు చార్జీ ఉంటుంది, మోటారు తిరిగిన కొద్దీ యూనిట్లు ఉంటాయి. కొంత స్థిరం, కొంత చరం. దాన్ని విడగొట్టడానికే హై-లో పద్ధతి: ఒక హై నెల, ఒక లో నెల పట్టుకుని, రెంటి మధ్య తేడాల నుంచి చర భాగం తేల్చడం.

ఆరు నెలల రిజిస్టరు, బిల్లులు పక్కపక్కన పెట్టుకుందాం.

| నెల | క్వింటాళ్లు | కరెంటు బిల్లు (రూ.) |
|---|---|---|
| ఆగస్టు | 1,000 | 38,000 |
| సెప్టెంబరు | 1,200 | 41,200 |
| అక్టోబరు | 1,800 | 52,900 |
| నవంబరు | 2,600 | 66,100 |
| డిసెంబరు | 3,000 | 74,000 |
| జనవరి | 2,400 | 79,000 |

హై ఏది? ఈ ప్రశ్న అడిగితే క్లాసులో ఎక్కువ చేతులు జనవరికే లేస్తాయి, బిల్లు అక్కడే పెద్దది కాబట్టి. కాదు. ఎక్కువ తక్కువలు పనిని చూసి ఎంచుకోవాలి, ఖర్చును చూసి కాదు. ఎక్కువ పని డిసెంబరుది, తక్కువ పని ఆగస్టుది. రెంటి మధ్య పని తేడా 2,000 క్వింటాళ్లు, బిల్లు తేడా 36,000. భాగిస్తే క్వింటాలుకు 18 రూపాయలు. డిసెంబరులో 3,000 క్వింటాళ్లకు చర భాగం 54,000, బిల్లు 74,000లో అది తీసేస్తే 20,000 మిగిలింది. ఆగస్టుతో సరిచూడండి: 38,000లోంచి 18,000 పోతే అదే 20,000. రెండు వైపులా ఒకటే రాకపోతే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. నెలకు స్థిరంగా 20,000, ఆపైన క్వింటాలుకు 18 రూపాయలు, ఇదే మన సూత్రం.

జనవరిని పట్టుకుని ఉంటే ఏమయ్యేది? క్వింటాలుకు 29 రూపాయలు దాటేది, స్థిర భాగం తొమ్మిది వేల లోపుకు పడిపోయేది. ఆ సూత్రంతో డిసెంబరు బిల్లు లెక్కేస్తే 96 వేల పైచిలుకు వస్తుంది. నిజంగా కట్టింది 74 వేలు.

అసలు జనవరి బిల్లు ఎందుకు అంత ఉబ్బింది? బిల్లు తిరగేసి చూస్తే అందులో 15,400 అదనపు డిపాజిట్ కలిపి ఉంది. అది ఖర్చే కాదు, తిరిగి రావలసిన మన డబ్బు. గుమాస్తా కట్టిన మొత్తమంతా కరెంటు ఖాతాలో రాసేశాడు. డిపాజిట్ తీసేస్తే 63,600. మన సూత్రం 2,400 క్వింటాళ్లకు 63,200 అంటుంది. దగ్గరగానే ఉంది.

ఈ సరిచూడటం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే పరీక్షల్లో దీన్ని ఎవరూ అడగరు. ఆరు నెలల లెక్క ముందుంటే హై-లో వాడుకునేది రెండే. మిగతా నాలుగూ ఊరికే ఉంటాయి, వాటినే సాక్ష్యానికి పిలవాలి. సెప్టెంబరుకు సూత్రం 41,600 చెబితే అసలు 41,200. అక్టోబరుకు 52,400, అసలు 52,900. నవంబరుకు 66,800, అసలు 66,100. అటూ ఇటూ ఏడు వందలకు మించి తేడా లేదు కాబట్టి ఆ రెండు నెలలనూ నమ్మవచ్చు. ఒకవేళ మోటారు కాలిన నెలో, పాత బకాయి కలిసిన నెలో చివరి కొసలో పడి ఉంటే, దాన్ని పక్కన పెట్టి, పనిలో దాని తర్వాతి స్థానంలో ఉన్న నెలను తీసుకోవాలి. ఇంకొకటి, రిజిస్టరు ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉంటుంది, మీటరు రీడింగు మాత్రం వేరే తేదీన తీయవచ్చు. రెండూ ఒకే రోజుల లెక్క కాకపోతే ఎంత బాగా భాగించినా లాభం లేదు. రోజు పుస్తకం నుంచి రీడింగు తేదీల మధ్య క్వింటాళ్లు కూడుకోవాలి.

రిపేర్లు, బెల్టులు, జల్లెడల ఖర్చునూ ఇలాగే విడగొడితే నెలకు 6,000, ఆపైన క్వింటాలుకు 5 రూపాయలు తేలింది అనుకుందాం. ఇప్పుడు ఏ స్థాయికైనా బడ్జెట్ కట్టవచ్చు.

| ఖర్చు (రూ.) | 1,600 క్వి. | 2,400 క్వి. | 3,000 క్వి. |
|---|---|---|---|
| హమాలీ | 72,000 | 1,08,000 | 1,35,000 |
| కరెంటు | 48,800 | 63,200 | 74,000 |
| రిపేర్లు | 14,000 | 18,000 | 21,000 |
| స్థిర ఖర్చులు | 75,000 | 75,000 | 75,000 |
| మొత్తం | 2,09,800 | 2,64,200 | 3,05,000 |

1,600 దగ్గర క్వింటాలుకు 131 రూపాయలు పడుతోంది, 3,000 దగ్గర 102 లోపే. వాన రాని ఏడాది ఒలుపు కూలి మాట్లాడుకునేటప్పుడు ఓనరుకు కావలసిన అంకె ఇది.

4,000 క్వింటాళ్లకు ఇంకో నిలువు వరుస ఎందుకు వేయలేదని అడగవచ్చు. మన లెక్క 1,000 నుంచి 3,000 మధ్య చూసిన నెలలది. 4,000 ఆడాలంటే రాత్రి షిఫ్టు పెట్టాలి, ఇంకో ఆపరేటరు కావాలి, ఆ 75,000 ఒక మెట్టు పైకెక్కుతుంది. రెండో మిషన్ కూడా కలిపితే కరెంటు లోడు పెంచుకోవాలి, ఆ 20,000 కూడా మారుతుంది. కింది వైపూ అంతే. మిల్లు మూసేస్తే బిల్లు సరిగ్గా 20,000 వస్తుందని ఈ సూత్రం హామీ ఇవ్వదు. అటు యూనిట్ రేటు మారినా పాత నెలలూ కొత్త నెలలూ కలపకూడదు. అలాంటప్పుడు రూపాయలు వదిలి యూనిట్లతో హై-లో చేసి, చివర కొత్త రేటు వేసుకోవడం మేలు.

ఇక ఓనరు మాటకు వద్దాం. 1,600 క్వింటాళ్లకు కావలసింది 2,09,800. పెట్టింది 2,24,600. మిగిలింది లేదు, 14,800 ఎక్కువైంది. హమాలీ 78,400 ఇచ్చారు, అంటే క్వింటాలుకు 49 పడింది, 6,400 ఎక్కువ. రిపేర్లలో 3,600 ఎక్కువ. కరెంటు 48,800 కావలసిన చోట 53,600, అంటే 4,800 ఎక్కువ.

హమాలీ సంగతి మేస్త్రీని అడిగితే తెలుస్తుంది. కరెంటు సంగతి మిషన్ దగ్గర నిలబడితే గానీ తెలియదు. కాయ తక్కువైన ఏడాది లారీ లోడ్లు రావు, ఆటోలో పది మూటలు, ట్రాక్టరులో ఇరవై మూటలు వస్తాయి. ఒక రైతు గింజలు ఇంకొకరి వాటిలో కలవకూడదు కాబట్టి ప్రతి లాటుకూ జల్లెడ ఖాళీ చేయాలి. అంతసేపూ మోటారు ఉత్తగా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుకు యూనిట్లు పడతాయి, క్వింటాళ్ల రిజిస్టరులోకి మాత్రం ఏమీ రాదు. అలాంటి నెలల్లో కరెంటును క్వింటాళ్లతో కొలవడమే సరిపోదు, మోటారు గంటలతో కొలవాలి. ఆపరేటరు చేత మోటారు వేసిన టైము, ఆపిన టైము రోజూ రాయించండి. ఐదారు నెలల గంటలు చేతికొచ్చాక ఇదే హై-లో ఆ గంటల మీద మళ్లీ వేసి చూద్దాం.