షిఫ్ట్, షర్ట్, ర్యాప్, స్లిప్: డ్రెస్‌ని తిరగేసి చూస్తే

"అక్కా, షర్ట్ డ్రెస్, ర్యాప్ డ్రెస్, స్లిప్ డ్రెస్, షిఫ్ట్ డ్రెస్... ఫోటోలో అన్నీ బాగుంటాయి. వేసుకుంటే మాత్రం ఒకటి తుంటి దగ్గర పట్టేస్తుంది, ఇంకోటి ముందు తెరుచుకుపోతుంది. కొనేముందు ఏం చూడాలి?"

మోడల్‌ని చూడకండి, డ్రెస్‌ని తిరగేసి లోపలి కుట్లు చూడండి. రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ బట్ట బరువంతా ఒంటి మీద ఎక్కడ ఆగుతోంది? ఇది ఎక్కడ తెరుచుకుంటోంది? ఈ నాలుగూ నా టేబుల్ మీద ఉన్నాయి. ఒక్కోటీ తిరగేసి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒకే కొలత పెట్టుకుందాం: ఛాతీ 36 అంగుళాలు, నడుము 30, తుంటి 40. మన దగ్గర చాలామందికి తుంటి కొలతే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ కొలత తీసుకున్నాను.

ముందు షిఫ్ట్, ఎందుకంటే అన్నిటికన్నా తక్కువ కుట్లున్నది ఇదే. ఇది భుజాల మీంచి వేలాడుతుంది. నడుము దగ్గర అడ్డంగా కుట్టు ఉండదు, ఒంటికి పట్టించే ప్రయత్నమూ ఉండదు. తుంటి 40 అయితే అక్కడ బట్ట 42, 43 అంగుళాలు ఉండాలి. అదే వెడల్పు దాదాపుగా పైకీ వస్తుంది. అంటే 30 అంగుళాల నడుము చుట్టూ పది అంగుళాలకు పైగా లూజు. అది లోపం కాదు, ఆ డ్రెస్ ఉద్దేశమే అది. 1960లలో లండన్‌లో మేరీ క్వాంట్ లాంటివాళ్లు కుట్టిన పొట్టి డ్రెస్సుల్లో ఉన్నది ఈ ఆకారమే. నడుము దగ్గర లోపలికి తీసుకుంటే అది షిఫ్ట్ కాదు, షీత్ అయిపోతుంది.

మరి షిఫ్ట్‌కీ, మన నైటీకీ తేడా ఏంటి? ఒక్క డాట్, అంటే బట్టని మొనలా మడిచి వేసే కుట్టు. చంక కింద పక్క కుట్టులోంచి మొదలై ఛాతీ వైపు వెళ్లి, మొనకు ఒక అంగుళం ముందే ఆగిపోతుంది. ఇది లేకపోతే ఛాతీ మీదకెక్కిన బట్ట కింద నుంచి లాక్కుంటుంది. ముందు అంచు పైకి లేస్తుంది, ఛాతీ నుంచి పక్కలకి ఏటవాలు ముడతలు పడతాయి. పక్కకి తిరిగి అద్దంలో చూసుకోండి. పక్క కుట్టు నిటారుగా నేలకి దిగాలి, అంచు ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి. ముందు ఎత్తుగా ఉందంటే డాట్ లేదు, లేదా మీ ఛాతీకి చాలదు.

డాట్ కనిపించకుండా దాచినవాళ్లూ ఉన్నారు. 1965లో ఈవ్ సాఁ లోరాఁ పారిస్‌లో మాండ్రియన్ అనే చిత్రకారుడి బొమ్మల తీరులో చేసిన మాండ్రియన్ డ్రెస్ చూడటానికి చదునైన రంగు గళ్ల బోర్డులా ఉంటుంది. అవి ప్రింటు గళ్లు కావు, ఒక్కో రంగు ముక్కా విడిగా కత్తిరించి అతికినవి. ఒంటి వంపులకి కావలసిన ఆకారం అంతా ఆ గళ్ల మధ్య కుట్లలోనే ఇమిడిపోయింది.

షిఫ్ట్ తెరుచుకునేది వెనక. వెన్ను మధ్య కుట్టులో కనపడని జిప్, పైన చిన్న హుక్. మెడ తల పట్టేంత వెడల్పుంటే అదీ అక్కర్లేదు. ఇక్కడ ఇబ్బంది ఏమీ రాదు. ఎక్కడా బిగుతు లేదు కాబట్టి జిప్ మీద లాగుడూ లేదు.

షర్ట్ డ్రెస్‌కి వచ్చేసరికి ఇబ్బంది మొత్తం తెరుచుకునే చోటే. భుజాల వెనక రెండు పొరల బట్టతో అడ్డపట్టీ ఉంటుంది, మగవాళ్ల షర్టుకి ఉన్నట్టే. దాన్ని యోక్ అంటారు. బరువు దాని మీద ఆగుతుంది, దాని కింద ఒక మడత వదిలితే చేతులు ముందుకి చాచడానికి వీలవుతుంది. ముందు వైపు పైనుంచి కిందిదాకా బటన్ల పట్టీ. ఆ పట్టీ లోపల ఫ్యూజింగ్ వేసి గట్టి చేస్తారు. వేయని డ్రెస్‌లో రెండు ఉతుకులకే పట్టీ పాములా మెలికలు తిరుగుతుంది.

బటన్లు సమాన దూరంలో పెట్టడం తేలిక, ఫ్యాక్టరీలో అదే చేస్తారు. ఒంటికి మాత్రం సమాన దూరాలతో పని లేదు. ఒక బటన్ సరిగ్గా ఛాతీ ఎత్తున్న గీత మీద పడాలి. ఆ గీత రెండు బటన్ల మధ్యలో పడిందంటే అక్కడ పట్టీ కన్ను తెరుస్తుంది. ఇంకోటి, కాజాలు ఎటు కోశారో చూడండి. పట్టీ సన్నం కాబట్టి మామూలుగా నిలువు కాజాలు కోస్తారు. బట్ట అడ్డంగా లాగితే నిలువు కాజా నోరు తెరిచి బటన్‌ని వదిలేస్తుంది. అడ్డం కాజాలో అయితే బటన్ చివరికి జరిగి అక్కడే ఆగుతుంది. కాలర్ పట్టీ మీద కాజా అడ్డంగా ఉండటానికి కారణం ఇదే. నిలువు కాజాల డ్రెస్ బిగుతుగా కొంటే తుంటి దగ్గర బటన్ ఊడుతూనే ఉంటుంది. మన కొలతకి తుంటి దగ్గర 43, 44 లేనిదే తీసుకోకండి. నిలబడి చూస్తే సరిపోదు, ట్రయల్ రూమ్‌లో కూర్చుని చూడండి. కూర్చున్నప్పుడు తుంటి ఇంకా పరుచుకుంటుంది. ఇది గట్టి కాటన్‌లోనో డెనిమ్‌లోనో ఉంటే బెల్టు కట్టినప్పుడు పైబట్ట కొద్దిగా ఉబ్బి అందంగా పడుతుంది. పల్చటి రేయాన్‌లో అయితే కాలర్ వాలిపోతుంది. నాకు అది నచ్చదు.

ర్యాప్ డ్రెస్‌లో అసలు బటనే లేదు. అమెరికాలో క్లేర్ మెకార్డెల్ 1942లోనే ఇంటి పనికి పనికొచ్చే ఇలాంటి చుట్టుకునే డ్రెస్ చేశారు. లోకమంతా పాకింది మాత్రం 1974లో డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ జెర్సీ బట్టతో చేశాక. 1976 నాటికి పది లక్షలు అమ్ముడయ్యాయని చెబుతారు. ఆ జెర్సీ ముఖ్యం. అది నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. సాగుతుంది, ముడత పడదు, ఒంటి మీద బరువుగా దిగుతుంది. అదే నమూనాని ఇవాళ గరుకు పాలిస్టర్‌లో కుట్టి అమ్ముతుంటే ఆ పడే తీరు ఎక్కడినుంచి వస్తుంది?

దీని బరువు నడుము మీద ఆగుతుంది. రెండు ముందు ముక్కలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఒక తాడు పక్క కుట్టులో వదిలిన చీలికలోంచి బయటికొచ్చి వెనక నుంచి చుట్టుకుని రెండో తాడుతో ముడిపడుతుంది. నడుము 30 అయినా 32 అయినా డ్రెస్ అదే, ముడి మాత్రం కాస్త జరుగుతుంది. తెరుచుకుపోయే చోట్లు రెండు.

ఒకటి మెడ. ఆ ఏటవాలు అంచు బట్ట పోగులకి ఐమూలగా కోసింది, అలాంటి అంచు సాగకుండా ఉండదు. మంచి కుట్టులో అంచు లోపల సన్నటి టేపు వేస్తారు, అంచు పొడవుకన్నా అర అంగుళం తక్కువగా. అది మెడని లోపలికి పట్టి ఉంచుతుంది. రెండు చేతుల్తో అంచు పట్టుకుని మెల్లగా లాగండి. సాగి అలాగే ఉండిపోతే మీరు వంగిన ప్రతిసారీ అది జారుతుంది, పిన్ను పెట్టుకోవాల్సిందే.

రెండోది కింద. దీనికి లెక్క చేయొచ్చు. డ్రెస్‌ని విప్పి నేల మీద పరిచి తుంటి ఎత్తులో ఈ చివరనుంచి ఆ చివరకి కొలవండి. తుంటి 40, అందులో వెనక సగం 20. ముందు ముక్క ఒక్కోటీ 17 అంగుళాలైనా ఉంటే మొత్తం 54. అంటే ముందు వైపు రెండు పొరలూ కలిసి ఉండేది 14 అంగుళాలు. కూర్చున్నా, గాలి వీచినా పర్వాలేదు. అదే మొత్తం 46 వచ్చిందనుకోండి, రెండు పొరలుండేది ఆరంగుళాలే. బస్సు మెట్టెక్కితే తెరుచుకుంటుంది. చవక డ్రెస్సుల్లో బట్ట మిగుల్చుకునేది ఇక్కడే.

ఇక స్లిప్. పని ఎక్కువ దాగున్నది దీంట్లోనే. పైకి సన్నని పట్టీలు రెండు, పక్క కుట్లు రెండు, అంతే. డాట్ ఉండకపోవచ్చు, జిప్ ఉండదు, తలమీంచి వేసుకోవడమే. మరి 30 అంగుళాల నడుము దగ్గర తగ్గి, 40 తుంటి దగ్గర పెరిగి ఒంటికి పట్టుకునేది ఎలా?

క్రాస్ కట్ బ్లౌజ్ కుట్టించుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. నేసిన బట్టని పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగినా అంతంతమాత్రమే. ఏటవాలుగా మూల నుంచి మూలకి లాగితే సాగుతుంది, ఎందుకంటే పోగుల మధ్య చిన్న చదరాలు ఒరిగి డైమండ్ ఆకారంలోకి వస్తాయి. పొడవు పెరిగి వెడల్పు తగ్గుతుంది. బట్టని 45 డిగ్రీల కోణంలో పెట్టి కత్తిరిస్తే ఆ గుణమంతా డ్రెస్‌కి వస్తుంది. పారిస్‌లో మడెలీన్ వియొనె 1920లలో మొత్తం గౌన్లనే ఇలా కోయడంలో పేరు తెచ్చుకుంది. 1996లో న్యూయార్క్ మెట్ గాలాకి డయానా వేసుకొచ్చిన ముదురు నీలం డియోర్ డ్రెస్ కూడా స్లిప్పే.

కష్టం ఏంటంటే, ఏటవాలు బట్ట వేలాడదీస్తే సాగుతూనే ఉంటుంది, అన్నిచోట్లా ఒకేలా కాదు. అందుకే కుట్టాక ఒక రోజంతా హ్యాంగర్‌కి వదిలేసి, అప్పుడు కింది అంచు సమంగా కోయాలి. తొందరపడి ముందే కోస్తే రెండు వారాల్లో పక్కలు కిందికి దిగి అంచు ఎగుడుదిగుడు అవుతుంది. పక్క కుట్టు కూడా బట్టతో పాటు సాగాలి, కాబట్టి కాస్త లాగి పట్టి కుడతారు, లేదా సన్నటి జిగ్‌జాగ్ వేస్తారు. బిగుతుగా మామూలు కుట్టు వేస్తే అది బట్టని పట్టేసి పక్కలంతా ముడతలు వస్తాయి, ఒక్కోసారి దారమే తెగుతుంది. లైనింగ్ ఉంటే అదీ క్రాస్ కట్ చేసి ఉండాలి. లేకపోతే పైబట్ట సాగబోతుంది, లోపలిది ఆపేస్తుంది.

44 అంగుళాల పన్నా మీద ఏటవాలుగా కోస్తే మూలలు ముక్కలుగా వృథా పోతాయి. అందుకే చవక స్లిప్‌లు చాలావరకు శాటిన్‌ని నిలువుగానే కోసి కుట్టినవి. కనిపెట్టడం ఎలా? కింది అంచు దగ్గర పోగులు చూడండి. అంచుకి సమాంతరంగా వెళ్తుంటే నిలువు కట్, మూలకి వెళ్తుంటే క్రాస్. పక్కకి జిప్ ఉంటే అనుమానించండి, సాగని బట్టని ఒంటి మీదకి దించడానికే పెట్టి ఉంటారు. మన కొలతకి క్రాస్ కట్ అయితే తుంటి దగ్గర లూజు పెద్దగా అక్కర్లేదు, సాగి సర్దుకుంటుంది. నిలువు కట్ అయితే 42 లేకుండా కూర్చోలేరు, తుంటి మీద అడ్డం గీతలు పడతాయి, నడుము దగ్గర బట్ట పెట్టెలా నిలబడుతుంది.

కొన్నాక టైలర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు కూడా తేడా గుర్తుంచుకోండి. షిఫ్ట్ అయితే పక్క కుట్లు ధైర్యంగా తగ్గించుకోవచ్చు, డాట్ మొన కదపకుండా చూసుకుంటే చాలు. షర్ట్ డ్రెస్ పక్కలు తగ్గించొచ్చు, భుజం పెద్దదైతే యోక్ విప్పాలి, ఆ ఖర్చుకి కొత్తది కొనుక్కోవడం మేలు. ర్యాప్‌కి లోపల ఒక ప్రెస్ బటన్ కుట్టిస్తే మెడ కొంత ఆగుతుంది, ముందు రెండు పొరలు కలిసే చోట తగ్గిన బట్టని మాత్రం ఎవరూ తేలేరు. స్లిప్ పక్క కుట్లు మాత్రం టైలర్‌తో తగ్గించకండి. పట్టీలు పొట్టి చేయించుకోండి, అంచు సరిచేయించుకోండి, అంతకు మించి దాన్ని ముట్టుకోవద్దు.