మూడు భుజాలు ఇస్తే లంబకోణం ఉందో లేదో ఎలా తేల్చాలి

అందరికీ నమస్కారం.

పైథాగరస్ సిద్ధాంతం మీద ఏ వర్క్‌షీట్ తీసుకున్నా అందులో రెండు రకాల లెక్కలు కలిసిపోయి ఉంటాయి. మొదటి రకంలో ఇది లంబకోణ త్రిభుజం అని ముందే చెప్పేస్తారు, రెండు భుజాలు ఇచ్చి మూడోది కనుక్కోమంటారు. రెండో రకంలో మూడు భుజాలూ ఇచ్చేసి, ఇది లంబకోణ త్రిభుజం అవుతుందా అని అడుగుతారు. మొదటి రకం గురించి నేను ఎక్కువ మాట్లాడను. కర్ణం కావాలంటే వర్గాలు కలపాలి, కర్ణం ఇచ్చి మిగతా భుజం అడిగితే తీసివేయాలి, చివర్లో వర్గమూలం మర్చిపోకూడదు. అక్కడితో దాదాపు అయిపోతుంది. రెండో రకం చూడ్డానికి ఇంకా తేలిక. అయినా పేపర్లు దిద్దేవాళ్లకు తలనొప్పి తెచ్చేది ఇదే. ఎందుకంటే జవాబు సరిగ్గానే ఉంటుంది, దాన్ని రాబట్టిన తీరు తప్పుగా ఉంటుంది.

మామూలుగా పిల్లలు రాసేది ఇలా ఉంటుంది. భుజాలు 5, 12, 13 ఇచ్చారనుకోండి. "పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 13² = 5² + 12²" అని మొదటి వరుస. "169 = 25 + 144" అని రెండోది. "169 = 169, కాబట్టి లంబకోణ త్రిభుజం" అని మూడోది. మీలో చాలామంది దీనికి పూర్తి మార్కులు వేసే ఉంటారు. కానీ మొదటి వరుసే చూడండి. పైథాగరస్ సిద్ధాంతం వాడాలంటే అది లంబకోణ త్రిభుజమని ముందే తెలిసి ఉండాలి. మనం తేల్చాల్సింది సరిగ్గా అదే. తేల్చాల్సినదాన్ని నిజమని ముందే అనుకుని మొదలుపెట్టాడన్నమాట.

ఇది పంతానికి చెబుతున్న మాట కాదు. అదే పద్ధతిలో 8, 9, 12 ఇచ్చి చూడండి. మొదటి వరుసలో 12² = 8² + 9² అని రాస్తాడు. తర్వాత 144 = 64 + 81 అంటాడు. ఆ తర్వాత 144 = 145 అని రాయాల్సి వస్తుంది. కాగితం మీద ఒక పచ్చి అబద్ధం రాసేసి, కింద "కాబట్టి కాదు" అంటాడు. కొందరైతే ఆ వరుస చూసి కంగారుపడి, ఎక్కడో కూడిక తప్పిందనుకుని 145ని 144గా దిద్దేస్తారు కూడా. దీనికి మందు చాలా చిన్నది. రెండు వైపులూ విడివిడిగా లెక్కించాలి. పెద్ద భుజం వర్గం 12² = 144 అని ఒక వరుస. మిగతా రెండింటి వర్గాల మొత్తం 64 + 81 = 145 అని ఇంకో వరుస. ఆ తర్వాతే పోల్చాలి. సమానం అన్న గుర్తు పోల్చాక పుట్టాలి, ముందు కాదు.

ఇక కారణం సంగతి. ఇక్కడ పనిచేసేది పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం. యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో సిద్ధాంతాన్ని 47వ ప్రతిపాదనగా పెట్టి, విపర్యయాన్ని 48వదిగా విడిగా నిరూపించాడు. ఆ పుస్తకం ముగిసేది దానితోనే. ఒక మాట నిజమైతే దాన్ని తిరగేసిన మాట కూడా నిజం కావాలని లేదు కదా. రెండు సంఖ్యలు సమానమైతే వాటి వర్గాలు సమానం. వర్గాలు సమానమైతే సంఖ్యలు సమానమేనా? 3, −3 తీసుకోండి, అక్కడే తెలిసిపోతుంది. అందుకే విపర్యయానికి వేరే నిరూపణ కావాలి.

ఆ నిరూపణ చాలా పొట్టిది, ఒక్కసారి బోర్డు మీద చేసి చూపించాలని నా అభిప్రాయం. మన దగ్గర a, b, c భుజాలున్న త్రిభుజం ఉంది, అందులో a² + b² = c². దాని కోణాల గురించి మనకేమీ తెలియదు. పక్కనే కొత్తగా ఇంకో త్రిభుజం గీద్దాం. a, b పొడవున్న రెండు గీతలను మనమే లంబంగా పెట్టి, చివరలు కలుపుదాం. ఈ రెండో త్రిభుజంలో లంబకోణం మనం పెట్టిందే కాబట్టి ఇక్కడ సిద్ధాంతం వాడుకోవచ్చు. దాని కర్ణం వర్గం a² + b², అంటే c². కాబట్టి కర్ణం c. ఇప్పుడు రెండు త్రిభుజాలకూ మూడు భుజాలూ ఒకటే. భు-భు-భు నియమం ప్రకారం అవి సర్వసమానాలు. రెండోదానిలో 90° ఉంది కాబట్టి మొదటిదానిలోనూ అదే చోట, అంటే c కి ఎదురుగా, 90° ఉండి తీరాలి. అంతే. విపర్యయం నిలబడడానికి సిద్ధాంతమే ఊతంగా నిలిచింది చూశారా, నాకు ఇందులో బాగా నచ్చేది అదే.

మళ్లీ 8, 9, 12 దగ్గరికి వద్దాం, దాన్ని నేను ఊరికే ఎంచుకోలేదు. ఈ త్రిభుజాన్ని స్కేలు, వృత్తలేఖినితో గీసి కోణమానినితో కొలవండి. 12కి ఎదురుగా ఉన్న కోణం దాదాపు 89.6° వస్తుంది. కోణమాని మీద దాన్ని 90 నుంచి వేరు చేసి చదవడం ఎవరి తరమూ కాదు. బొమ్మ చూసి చెప్పేవాడు కచ్చితంగా మోసపోతాడు, లెక్క చేసినవాడు మోసపోడు. వర్క్‌షీట్ తయారుచేసేటప్పుడు ఇలాంటివి రెండు మూడు వేయండి. 4, 7, 8 తీసుకుంటే 65, 64 వస్తాయి. 5, 5, 7 తీసుకుంటే 50, 49 వస్తాయి. 2, 3, 9 లాంటివి ఇచ్చి "కాదు" అనిపించుకోవడంలో పెద్ద ఉపయోగం లేదు.

ఆ 2, 3, 9 మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. వర్గాలు సమానం కానప్పుడు ఎటువైపు తేడా వచ్చిందో చూస్తే కోణం సంగతి కూడా తెలుస్తుంది. వృత్తలేఖిని కాళ్లను మెల్లగా విడదీస్తూ పోతే కొసల మధ్య దూరం పెరుగుతుంది కదా, ఇదీ అంతే. a, b మారకుండా ఉంచి వాటి మధ్య కోణం పెంచితే c పెరుగుతుంది. 90° దగ్గర c² సరిగ్గా a² + b² అవుతుంది. c² అంతకంటే తక్కువైతే అల్పకోణ త్రిభుజం, ఎక్కువైతే అధికకోణ త్రిభుజం. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. 2, 3, 9కి 81 అనేది 13 కంటే ఎక్కువ కాబట్టి అధికకోణ త్రిభుజం అని రాసేస్తారు. 2, 3 కలిపితే 5, అది 9 దాకా చేరనే చేరదు, కాబట్టి అసలు త్రిభుజమే లేదు. వర్గాలు సమానమైనప్పుడు మాత్రం ఈ పరీక్ష విడిగా చేయక్కర్లేదు. ఎందుకంటే (a + b)² లో a² + b² తో పాటు 2ab కూడా ఉంటుంది, అంటే అది c² కంటే ఎప్పుడూ పెద్దదే.

దీనితోనే ఇంకో సరదా సంగతి బయటపడుతుంది. 5² అంటే 10 అని రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వర్గం చేయాల్సిన చోట రెట్టింపు చేసేవాడికి రెండు వైపులూ సమానం కావాలంటే a + b = c కావాలి. నిజమైన త్రిభుజంలో అది జరగదు. కాబట్టి ఒక పేపర్లో అన్ని లెక్కలకూ "లంబకోణ త్రిభుజం కాదు" అనే జవాబే వస్తే, ముందు అతను వర్గం ఎలా చేస్తున్నాడో చూడండి.

పెద్ద భుజం ఏదో గుర్తించడంలో కూడా ఇబ్బంది వస్తుంది. పూర్ణసంఖ్యలైతే పర్లేదు. 3√2, √34, 4 అని ఇస్తే? √34 చూడ్డానికి చిన్నగా, 4 పెద్దగా కనిపించేవాళ్లుంటారు. దీనికి తేలిక దారి ఏమిటంటే, పెద్దది ఏదని ఆలోచించకుండా ముందు మూడింటికీ వర్గాలు వేసేయాలి. 18, 34, 16 వస్తాయి. పెద్ద వర్గం ఎవరిదో పెద్ద భుజం వాళ్లదే. 18 + 16 = 34, సరిపోయింది. దశాంశాలైతే 10తో గుణించేస్తే చాలు. 1.4, 4.8, 5 అనేవి 14, 48, 50 అవుతాయి, సగం చేస్తే 7, 24, 25. అన్ని భుజాలనూ ఒకే సంఖ్యతో గుణించినా భాగించినా కోణాలు మారవు. కానీ సవరించిన విలువలతో జాగ్రత్త. 1, 1, 1.41 ఇచ్చి లంబకోణ త్రిభుజమా అంటే, ఉన్నదున్నట్టుగా జవాబు "కాదు". 1.41 వర్గం 1.9881, 2 కాదు.

పూర్ణసంఖ్యలకు మాత్రమే పనిచేసే ఒక చిట్కా ఉంది. మూడు భుజాల్లో ఒక్కటి కూడా 5తో భాగించబడకపోతే అది లంబకోణ త్రిభుజం కాదు. వర్గాలు కూడా వేయక్కర్లేదు. 5తో భాగించబడని సంఖ్య వర్గాన్ని 5తో భాగిస్తే శేషం 1 గానీ 4 గానీ వస్తుంది. అలాంటివి రెండు కలిపితే శేషం 2, 3 లేదా 0 అవుతుంది, 1 గానీ 4 గానీ కాదు. 8, 9, 12 ఇక్కడే పట్టుబడుతుంది. అయితే ఇది కాదని చెప్పడానికే పనికొస్తుంది, అవునని చెప్పడానికి కాదు. 5, 5, 7లో 5 ఉన్నా అది లంబకోణ త్రిభుజం కాలేదు కదా.

చివరగా ఒక లెక్క పూర్తిగా చేద్దాం, ఇందులో సిద్ధాంతం, విపర్యయం రెండూ వస్తాయి. ABCD చతుర్భుజంలో AB = 9, BC = 12, CD = 8, DA = 17 సెం.మీ., B దగ్గర కోణం 90°. వైశాల్యం కావాలి. AC కర్ణాన్ని గీస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. ABC లో లంబకోణం ఇచ్చారు, కాబట్టి సిద్ధాంతం వాడొచ్చు. 81 + 144 = 225, AC = 15. వైశాల్యం 9, 12ల లబ్ధంలో సగం, 54. ఇప్పుడు ACD లో భుజాలు 15, 8, 17. ఇక్కడ లంబకోణం ఉందని ఎవరూ చెప్పలేదు, మనమే తేల్చాలి. 17² = 289. 15² + 8² = 225 + 64 = 289. రెండూ సమానం, కాబట్టి విపర్యయం ప్రకారం పెద్ద భుజం AD కి ఎదురుగా, అంటే C దగ్గర, 90°. D దగ్గర అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు, అది గమనించండి. వైశాల్యం 15, 8ల లబ్ధంలో సగం, 60. మొత్తం 114 చదరపు సెం.మీ.

ఇదే లెక్కలో DA ని 17 బదులు 16 చేసి ఇవ్వండి. 256, 289 సమానం కావు, కాబట్టి ACD కి సగం లబ్ధం సూత్రం వాడకూడదు. హెరాన్ సూత్రానికి వెళ్లాలి. చుట్టుకొలతలో సగం 19.5, దాన్నుంచి వచ్చే వైశాల్యం సుమారు 59.43. మొత్తం 113.43. పరీక్ష చేయకుండా 60 వేసేసినవాడికి 114 వస్తుంది. తేడా ఇంత తక్కువ కాబట్టి జవాబు చూసి వాడికి అనుమానమే రాదు. వాడు ఆ పరీక్ష చేశాడా లేదా అన్నది మీకు కనిపించేది 16² = 256 అన్న ఆ ఒక్క వరుస దగ్గరే.