ఒక పేరా నివేదికను విప్పి రాయడం
(కడపలో షిఫ్టు ఇన్‌చార్జీల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన షిఫ్టు ఇన్‌చార్జీలకు నమస్కారం. సున్నపురాయి, సిమెంటు పనుల్లో ఉన్న మీకు ఇలాంటి ప్రమాద నివేదిక కొత్తది కాదు. అభ్యాసం కోసం నేను కూర్చిన దీనిని ముందుగా చదువుతాను.

“సి షిఫ్టులో సుమారు మూడు గంటలకు కాంట్రాక్టు కార్మికుడు నడుస్తున్న బెల్టు కింద నిర్లక్ష్యంగా శుభ్రం చేయుచుండగా టెయిల్ పుల్లీలో చేయి చిక్కి గాయపడినాడు. వెంటనే బెల్టు ఆపి ఆసుపత్రికి తరలించడమైనది. అందరినీ జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరించడమైనది.”

ఈ పేరాలో జరిగిన సంగతి, దానికి కారణం, తీసుకున్న చర్య మూడూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసేటప్పుడు మొదట “సుమారు”, “నిర్లక్ష్యంగా”, “వెంటనే” అనే మాటలను పక్కన పెట్టండి. మనం వెతకవలసిన సమాచారం వాటి వెనుకే ఉంది.

జరిగిన సంగతిని రాసే కాలక్రమం పట్టికలో ప్రతి వరుసకూ సమయం, జరిగినది, అది ఎక్కడ నమోదైంది అనే మూడు గడులు ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. బెల్టు ఆగిన సమయం కంట్రోల్ రూమ్ రికార్డులో 3:06 అని ఉండగా, సీసీ కెమెరాలో 3:10 అని కనిపిస్తుంది. రెండింటిలోనూ కనబడే ఒకే ఘటన బెల్టు ఆగడం కనుక, దాని ఆధారంగా కెమెరా గడియారం నాలుగు నిమిషాలు ముందుందని నిర్ణయించి, కెమెరా సమయాలన్నింటినీ సవరించి, ఆ సవరణ సంగతిని పట్టిక కిందనే రాయాలి. అలా చేస్తే వరుస ఇలా వస్తుంది: 2:41కి బెల్టు పక్కకు జరిగినట్టు అలారం, 2:43కి దాని రీసెట్, 2:52కి మళ్ళీ అదే అలారం, 2:58కి కార్మికుడు పారతో టెయిల్ వైపు వెళ్ళడం, 3:04కి చేయి చిక్కడం, 3:06కి ఫోన్ రాగా కంట్రోల్ రూమ్ నుంచి బెల్టు ఆపడం. “వెంటనే” అన్న మాట వెనుక రెండు నిమిషాలు ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. లాగితే బెల్టు ఆగే పుల్ కార్డ్ పక్కనే ఉండగా ఫోన్ ఎందుకు చేయవలసి వచ్చిందన్న ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది. వెళ్ళి చూస్తే ఆ తాడు టెయిల్ పుల్లీ దాకా రాకుండా ముందే ఆగిపోయి ఉంది. కాలక్రమంలో “ఎందుకు” అని రాయకూడదు, అయితే మంచి కాలక్రమం “ఎందుకు” అని అడగవలసిన చోటును చూపిస్తుంది.

ఇక మూలకారణం. “నిర్లక్ష్యం” దగ్గర ఆగేవారిని నేను ఒకటే అడుగుతాను: ఆ రాత్రి ఆ చోట వేరొకరు ఉంటే ఏం చేసేవారు? పాత షిఫ్టు లాగ్‌బుక్కులు తిరగేస్తే, నడుస్తున్న బెల్టు కిందనే శుభ్రం చేయడం అక్కడ మామూలైపోయిందని తెలుస్తుంది. కాబట్టి కారణం ఒక్క మనిషి దగ్గర ఆగదు. చూట్ దగ్గరి స్కర్ట్ రబ్బరు అరిగి రాయి కింద పడుతోంది, ఆ గుట్ట పెరిగి బెల్టును పక్కకు నెడుతోంది, అందుకే శుభ్రం చేయవలసి వస్తోంది. పుల్లీకి అడ్డంగా బిగించే గార్డు ఉంటే పార లోపలికి వెళ్ళదు గనుక గార్డు తీసేస్తున్నారు. బెల్టు ఆపి కరెంటు తెంచాలంటే ఎలక్ట్రీషియన్ రావాలి, రాత్రి షిఫ్టులో అతను మరో విభాగాన్ని కూడా చూస్తున్నాడు. ఇవి విడివిడి కొమ్మలు; ఐదుసార్లు “ఎందుకు” అనడం పేరుతో వీటన్నింటినీ ఒకే గీతలోకి లాగితే ఏదో ఒకటి జారిపోతుంది. ప్రతి కొమ్మనూ కింది నుంచి పైకి “కాబట్టి” అని కలుపుతూ చదివి చూడండి. అతకని చోట ఆధారం లేదని అర్థం, అక్కడ మళ్ళీ విచారించాలి.

దిద్దుబాటు చర్యల్లో ప్రతి వరుసా ఏదో ఒక కారణం నంబరును చూపాలి. “హెచ్చరించడమైనది” అన్నదానికి ఏ కారణమూ జత కాదు కనుక అది ఈ పట్టికలోకి రాదు. రబ్బరు మార్చడం, బయట నిలబడి రాయి తీయగలిగేలా గార్డును మళ్ళీ చేయించడం, పుల్ కార్డ్‌ను టెయిల్ దాకా పొడిగించడం, పని చేసేవాడే తాళం వేసుకోగల ఐసొలేటర్‌ను బెల్టు దగ్గర అమర్చడం, ఆ తాళం పద్ధతిని అతనికి నేర్పించడం అన్నవి వస్తాయి. పుల్ కార్డ్ లాగితే బెల్టు ఆగుతుందేగాని, స్విచ్ రీసెట్ చేస్తే మళ్ళీ నడిపించవచ్చు. కనుక దాని ధైర్యంతో కింద చేయి పెట్టవచ్చని ఎవరూ రాయకండి. బాధ్యుడి గడిలో “మెకానికల్ విభాగం” అని కాక ఒక హోదా, దాని పక్కన గడువు తేదీ ఉండాలి.

చివరి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా “పూర్తయింది” అని రాస్తారు. పని పూర్తి కావడం వేరు, ఫలితం రావడం వేరు. రబ్బరు మార్చిన తరువాతి నెలలో బెల్టు పక్కకు జరిగిన అలారాలు ఎన్ని తగ్గాయో కంట్రోల్ రూమ్ రికార్డు నుంచి రాయండి. గార్డు విషయంలో, ముందుగా చెప్పకుండా సి షిఫ్టులో వెళ్ళి అది బిగించి ఉన్నదీ లేనిదీ చూసి, చూసినవారి సంతకంతో నమోదు చేయండి. గార్డు మళ్ళీ పక్కన పడి ఉంటే ఆ వరుసను మూసివేయకుండా, కొత్త గార్డుతో కూడా రాయి తీయడానికి ఎక్కడ అడ్డం వస్తోందో అక్కడ పని చేసేవారినే అడిగి, ఆ జవాబును మూలకారణం పట్టికలో చేర్చండి.