హనుమకొండ నుంచి షిర్డీ దాకా: బస్సులో ఏ పాట ఎక్కడ?

హోస్ట్: నమస్తే. కార్తీకం అయినా, ఎండాకాలం సెలవులైనా మన హనుమకొండ నుంచి షిర్డీకి బస్సులు కట్టుకొని పోతుంటారు. ఎన్నో ఏళ్లుగా అట్లాంటి బస్సులను నడిపిస్తున్న అన్న ఈరోజు మనతో ఉన్నారు. పాటల వరుస గురించే మాట్లాడుకుందాం. అన్నా, సాయంత్రం నాలుగింటికి బయలుదేరి పొద్దున ఏడింటికి చేరే బస్సు అనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు?

అతిథి: రూట్ దగ్గర, తమ్మీ. పాటలు తర్వాత. ఎల్కతుర్తి, హుజూరాబాద్, కరీంనగర్, కొండగట్టు, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిజామాబాద్, బాసర. ఆ తర్వాత నాందేడ్ మీదుగా మహారాష్ట్ర. ఈ ఊర్లను కాగితం మీద రాసుకొని, ఎక్కడ మనుషులు ఎక్కుతారు, ఎక్కడ భోజనం, ఎక్కడ నుంచి నిద్ర అని గుర్తు పెట్టుకుంటాను. ఒక్కో ముక్కకు ఒక్కో ఫోల్డర్ చేస్తాను.

హోస్ట్: టైం ప్రకారం ఒకటే పెద్ద లిస్టు పెడితే కాదా?

అతిథి: బస్సు ఎప్పుడూ టైంకు పోదు కదా. హుజూరాబాద్‌లో ఒక కుటుంబం అరగంట ఆలస్యం చేస్తే, కొండగట్టు దగ్గర వినాల్సింది ఇంకెక్కడో వినిపిస్తుంది. ఫోల్డర్ ఉంటే ఊరు రాగానే మారుస్తాం. ముందుగా అయిపోతే అదే ఫోల్డర్ మళ్లీ మొదటి నుంచి వస్తుంది, నష్టం లేదు.

హోస్ట్: మొదటి ముక్కలో ఏం ఉంటుంది?

అతిథి: చిన్న పాటలు. గణపతి పాట ఒకటి, మన భద్రకాళి అమ్మవారి పాట ఒకటి, తర్వాత మూడు నాలుగు నిమిషాల తెలుగు భజనలు. అప్పుడు బస్సులో సామాన్లు సర్దడం, సీట్లు మారడం, ఇంటికి ఫోన్లు. కరీంనగర్ దాకా మనుషులు ఎక్కుతూనే ఉంటారు, తలలు లెక్కపెట్టడానికి మేం పాట ఆపుతూనే ఉంటాం. భజన ఎక్కడ ఆపినా ఎవరూ ఏమీ అనుకోరు. స్తోత్రం అట్లా కాదు. విష్ణు సహస్రనామం దాదాపు అరగంట ఉంటుంది, చివర ఫలశ్రుతి ఉంటుంది. మధ్యలో ఆపితే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది, వాళ్లు మనతో పాటు చదువుతూ ఉంటారు కాబట్టి. అందుకే పాట ఎంతసేపు అని చూసేటప్పుడు నేను ఇంకోటి కూడా చూస్తాను: దీన్ని మధ్యలో ఆపొచ్చా, ఆపకూడదా? ఆపకూడనివి పక్కన పెట్టి, బస్సు ఆగని చోట్లకే పంచుతాను.

హోస్ట్: ఆగని చోటు ఏది మరి?

అతిథి: మొదటిది కరీంనగర్ దాటినాక. అక్కడ చివరి మనిషి ఎక్కుతాడు, పొద్దు కూడా గూకే వేళ అవుతుంది. షిర్డీలో సంధ్యవేళ చేసేది ధూప్ హారతి. దాదాపు అరగంట. కొండగట్టు ముప్పై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి హారతి పూర్తయ్యి ఇంకా కొంచెం టైం మిగులుతుంది. కొండ దగ్గరపడుతుంటే హనుమాన్ చాలీసా. అది పది నిమిషాల లోపే. కిటికీలోంచి అంజన్నకు దండం పెట్టుకుంటూ బస్సంతా చదువుతుంది, పిల్లలతో సహా. చాలీసా అవధి భాషలో ఉన్నది అయినా మనవాళ్లకు నోటికి వచ్చు. భాష విషయంలో నా లెక్క అదే. అర్థం తెలుసా అని కాదు, నోరు కలుస్తుందా అని చూస్తాను.

హోస్ట్: అయితే మరాఠీ అభంగాలు? మా అమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు.

అతిథి: అమ్మకు అభంగం మొత్తం రాకపోవచ్చు, "విఠల విఠల" అని అందుకోవడం వస్తుంది కదా. అందుకే అట్లా పల్లవి తిరిగి తిరిగి వచ్చేవి తీసుకుంటాను. రెండు మరాఠీ పాటలు వెంట వెంట పెట్టను, మధ్యలో ఒక తెలుగు పాట. ఆర్మూర్ దాకా తెలుగే ఎక్కువ, భోజనం తర్వాత హిందీ భజనలు, బాసర దాటాక మరాఠీ. గోదావరి వంతెన మీద మాత్రం సరస్వతీ అమ్మవారి శ్లోకం ఒకటి, అది సంస్కృతం. దారి మారినట్టే భాష కూడా మెల్లగా మారుతుంది.

హోస్ట్: కుదరలేదని ఎట్లా తెలుస్తుంది?

అతిథి: వెనక సీట్లు చూడాలి. చప్పట్లు ఆగి మాటల చప్పుడు పెరిగిందంటే పాట పట్టుకోలేదు. ఇయర్‌ఫోన్లు బయటికి వస్తే ఇంకా ఖాయం. అప్పుడు తర్వాతి పాటకు పోకుండా, అందరికీ వచ్చిన తెలుగు భజన ఒకటి వేస్తాను. అట్లాంటివి అయిదారు వేరే ఫోల్డర్‌లో ఉంచుకుంటాను. మల్లన్న పాటలు, సమ్మక్క పాటలు డప్పు మోతతో మంచి ఊపు ఇస్తాయి. భోజనం ముందు ఆకలితో నీరసంగా ఉన్నప్పుడు అవి బాగుంటాయి. భోజనం తర్వాత వేస్తే మాత్రం పిల్లలు ఎగిరి ఎగిరి ఇక పడుకోరు.

హోస్ట్: రాత్రి?

అతిథి: బాసర దాటాక శేజారతి. షిర్డీలో బాబాను నిద్రపుచ్చే హారతి. అది అయిపోగానే లైట్లు, పాటలు రెండూ బంద్. తెల్లవారుజామున నాలుగున్నర దాకా ఏమీ ఉండవు. కొందరు మెల్లగా ఏదో ఒకటి నడవనీ అంటారు, నేను ఒప్పుకోను. రాత్రంతా చెవిలో పడిన పాట పొద్దునకు విసుగు పుట్టిస్తుంది, తెల్లవారుజామున బాబాను లేపే కాకడ హారతి తేలిపోతుంది. డ్రైవర్ సంగతి వేరు. రెండు నుంచి నాలుగు మధ్యలో నిద్ర బాగా ముంచుకొస్తుంది. సౌండ్ ముందు స్పీకర్లకు మాత్రమే మార్చి, ఆయనకు నచ్చినవి ఆయన్నే వేసుకొమ్మంటాను. అయినా పాట నిద్రను ఆపదు, అందుకే ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే.

హోస్ట్: లేపడం ఎట్లా మరి?

అతిథి: ముందు పది నిమిషాలు వేణువు, మాటల్లేకుండా, సౌండ్ తక్కువతో. అందరూ కళ్లు తెరిచాక కాకడ హారతి. ఇది ధూప్ హారతి కంటే పెద్దది. పండరిపురం పద్ధతిలో కూర్చినది కాబట్టి తుకారాం, నామదేవ్, జనాబాయి పదాలు ఇందులో వస్తాయి. మరాఠీ అయినా, తెలుగు లిపిలో అచ్చు వేసిన పుస్తకాలు దొరుకుతాయి కదా, సీటుకొకటి పంచుతాం. ఇక్కడ బస్సు ఆగొద్దు. టీ కోసం ఆపేది హారతి అయిపోయాకే, అప్పటికి ఔరంగాబాద్ దగ్గర్లో ఉంటాం, ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అంటున్నారు. టీ తర్వాత మళ్లీ చిన్నవే, బయలుదేరినప్పటిలాగా. చివరి అరగంట ఉత్త నామం, ఒకళ్లు చెప్తే అందరూ అనడం. పాటలు ఆపేసి మైక్ పెద్దావిడ చేతికి ఇచ్చేస్తాం.

హోస్ట్: పెన్‌డ్రైవ్‌లో వరుస తప్పుతుందని చాలామంది చెప్తుంటారు.

అతిథి: రెండు కారణాలు. పేర్ల ముందు 1, 2, 10 అని పెడితే చాలా స్టీరియోలు 1 తర్వాత 10 వేస్తాయి. 001, 002, 010 అని మూడు అంకెలు పెట్టాలి. కొన్ని పాత స్టీరియోలు పేరు చూడనే చూడవు, ఏది ముందు కాపీ అయిందో అదే ముందు వేస్తాయి. అందుకని పెన్‌డ్రైవ్‌ను FAT32లో ఫార్మాట్ చేసి, పాటలను ఒక్కొక్కటిగా వరుసలో కాపీ చేస్తాను. ఫోన్ బ్లూటూత్ వద్దు, హారతి మధ్యలో కాల్ వస్తుంది.

ఇంకోటి సౌండ్. పాత రికార్డింగులు మెల్లగా ఉంటాయి, కొత్త జానపదాలు చెవులు పగిలేలా ఉంటాయి. Audacity అనే ఉచిత ప్రోగ్రాంలో Loudness Normalization ఉంటుంది, అందులో సౌండ్‌ను LUFS అనే కొలతలో చూస్తారు, అన్నింటికీ -16 LUFS పెడితే చాలావరకు సమానం అవుతాయి. తర్వాత బస్సు ఖాళీగా ఉన్నప్పుడు సౌండ్ ముట్టుకోకుండా ఒక్కో పాట మొదటి పది సెకన్లు వినాలి. వెనక సీట్లో కూర్చొని వినాలి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి.

హోస్ట్: తిరుగు ప్రయాణానికి అదే లిస్టు పనికొస్తుందా?

అతిథి: రాదు. వచ్చేటప్పుడు దర్శనం అయిపోయి ఉంటుంది, అందరూ అలిసిపోయి ఉంటారు, కలిసి పాడరు. వినే పాటలు పెడతాను, అన్నమయ్య, రామదాసు కీర్తనలు, ఎక్కువ తెలుగే. పోయేటప్పుడు చోటు దొరకని విష్ణు సహస్రనామం అప్పుడు పెడతాను. షిర్డీ దాటిన మొదటి గంటలో బస్సు ఎక్కడా ఆగదు, పెద్దవాళ్లు పూర్తిగా చదువుకుంటారు.